షుగర్ 190 ఉన్నా ముప్పే

డయాబెటిస్‌కు డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర వేసుకునే ఒకాయనకు రెండు రోజులుగా వాంతులు, ఆయాసం అనుకుందాం. తిండి లేదు. గ్లూకోమీటర్‌లో 190 చూసి ఇంట్లోవాళ్లు ‘షుగర్ బాగానే ఉంది, గ్యాసే’ అనుకుంటారు. రక్తపరీక్షలో సోడియం 136, క్లోరైడ్ 98, బైకార్బొనేట్ 12 వచ్చాయి.

ఇన్సులిన్ చాలనప్పుడు శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. అవి ఆమ్లాలు. ఆ ఆమ్లాన్ని విరిచే పనిలో బైకార్బొనేట్ ఖర్చైపోతుంది. మామూలుగా 22 నుంచి 28 మధ్య ఉండాల్సింది 12కు పడిందంటే అందుకే.

సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బొనేట్ రెండూ తీసేస్తే మిగిలేది అనయాన్ గ్యాప్. ఇక్కడ 136లోంచి 110 పోగా 26. చాలా ల్యాబుల్లో 12 దాటితేనే ఎక్కువ లెక్క. లెక్కకు రాని ఆమ్లమేదో రక్తంలో చేరిందన్నమాట. అది కీటోనేనా, లాక్టిక్ ఆమ్లమా, కిడ్నీల సమస్యా అన్నది గ్యాప్ చెప్పదు. రక్తంలో కీటోన్లు కొలవాలి. 3 మిల్లీమోల్స్, ఆపైన ఉంటే కీటోఅసిడోసిస్ అనుమానం బలపడుతుంది.

ఇంకో మెలిక ఉంది. వాంతుల్లో కడుపులోని ఆమ్లం పోయి బైకార్బొనేట్ పెరుగుతుంది. కీటోన్లు దాన్ని తగ్గిస్తుంటాయి. రెండూ కలిసి 22 దగ్గర ఆగితే రిపోర్టు నార్మల్‌లా కనిపిస్తుంది. అప్పుడు క్లోరైడ్ 88 ఉంటే గ్యాప్ మాత్రం అదే 26. మన దగ్గర చాలాచోట్ల ‘ఎలక్ట్రోలైట్స్’ అంటే సోడియం, పొటాషియం, క్లోరైడ్‌తోనే సరిపెడతారు. బైకార్బొనేట్ కూడా చూడమని అడగాలి. ఈ మాత్ర వాడేవాళ్లకు ఇలా వాంతులైతే షుగర్ అంకె ఎంతున్నా ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.