కారు కింద మోత: రేకుదా, రబ్బరుదా?

ఐడ్లింగ్‌లో నిశ్శబ్దంగానే ఉంటుంది. ఆక్సిలరేటర్ నొక్కి ఆర్పీఎం 1,800 దగ్గరికి తెచ్చేసరికి కారు కింద నుంచి గర్రుమని రేకు మోత మొదలవుతుంది. 2,100 దాటిందంటే మాయం. గేరుబాక్సు పోయిందేమోనని యజమాని కంగారు పడతాడు. పాతబడిన కార్లలో ఈ మోతకు కారణం చాలాసార్లు అంతకంటే చిన్నదే. సైలెన్సర్ గొట్టానికి అడ్డంగా బిగించిన హీట్ షీల్డ్ వదులై ఉంటుంది. లేదా ఆ గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు తెగి ఉంటుంది.

మరి కొన్ని ఆర్పీఎంల దగ్గరే ఎందుకు మోగుతుంది? నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒకసారి తిరిగేలోపు రెండు సిలిండర్లు పేలుతాయి. అంటే 1,800 ఆర్పీఎం దగ్గర గొట్టానికి సెకనుకు 60 కుదుపులు అందుతాయి. వదులైన రేకు సహజంగా అదిరే వేగం కూడా దాదాపు అంతే అయితే అది పెద్దగా ఊగి పక్కనున్న లోహాన్ని కొడుతుంది. ఆగి ఉన్న పల్లెవెలుగు బస్సు కిటికీ అద్దాలు గడగడలాడి, బస్సు వేగమందుకోగానే సద్దుమణగడం కూడా ఇలాంటిదే.

హీట్ షీల్డ్ అంటే పలుచని అల్యూమినియం లేదా ఉక్కు రేకు. క్యాటలిటిక్ కన్వర్టర్, సైలెన్సర్ డబ్బా వందల డిగ్రీల వరకు వేడెక్కుతాయి. ఆ సెగ కారు అడుగుభాగానికి, పెట్రోలు ట్యాంకుకు తగలకుండా ఈ రేకు ఆపుతుంది. దాన్ని పట్టి ఉంచేవి చిన్న బోల్టులే. రేకు అల్యూమినియందై, బోల్టు ఉక్కుదైతే, ఉప్పు తేమ తగిలినప్పుడు బోల్టు చుట్టూ రేకే ముందు తినుకుపోతుంది. బోల్టు చెక్కుచెదరకుండా ఉన్నా రంధ్రం పెద్దదై రేకు వదులవుతుంది. విశాఖపట్నంలాంటి తీరప్రాంతాల్లో ఈ బెడద ఎక్కువ.

రబ్బరు సంగతి వేరు. గొట్టాన్ని నేరుగా బాడీకి బిగిస్తే ఇంజన్ అదురంతా లోపలికి వస్తుంది. అందుకే ఇనుప కొక్కేలకు రబ్బరు తొడిగి దాన్ని వేలాడదీస్తారు. వేడికి ఎండి, పగిలి ఒక రబ్బరు తెగితే గొట్టం ఒక పక్కకు ఒరిగి బాడీకి గానీ, అడ్డ కడ్డీకి గానీ తగులుతుంది. అప్పుడు వినిపించేది పలుచని గర్రు కాదు, బరువైన ఠంగుఠంగు. స్పీడ్ బ్రేకర్ మీద, గుంతలో, ఇంజన్ ఆపగానే అది ఒక్కసారి కుదిపినప్పుడు ఈ చప్పుడు వస్తుంది.

తేడా తేల్చుకోవడానికి ముందు కారును చదునైన చోట, ఆరుబయట ఆపాలి. న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మెల్లగా రేజ్ చేయాలి. రోడ్డు కుదుపు ఏమీ లేకుండానే ఒకే ఆర్పీఎం దగ్గర గర్రు వస్తూ, దాటగానే పోతుంటే అనుమానం రేకు మీదే. తర్వాత ఇంజన్ ఆపి, గొట్టం పూర్తిగా చల్లారాక వెనుక కొసను పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ ఊపాలి. రబ్బరు మీద కాస్త ఊగడం మామూలే. ఎక్కడైనా లోహం లోహానికి తగిలితే ఆ చోట రబ్బరును చూడాలి. కారు కింద దూరాల్సి వస్తే ఒక్క జాకీని నమ్ముకోవద్దు. మెకానిక్ దగ్గర లిఫ్టు గానీ, గుంట గానీ ఉంటుంది.

పై కారునే తీసుకుందాం. వెనుక కొసను ఎంత ఊపినా తగులుడు లేదు, రబ్బర్లన్నీ బాగున్నాయి. మధ్య సైలెన్సర్ డబ్బాను పిడికిలితో తడితే మాత్రం అదే గర్రు. రేకును వేలితో నొక్కి పట్టి మళ్లీ తడితే శబ్దం లేదు. బోల్టు చుట్టూ రంధ్రం తినుకుపోయింది. కొత్త రేకు అక్కర్లేకుండా, వెడల్పాటి వాషరు వేసి బిగిస్తే సరిపోయింది. రేకు గొట్టాన్నే చుట్టుకుని ఉండే రకమైతే పెద్ద స్టీలు క్లిప్పు పని చేస్తుంది. అయితే రేకు నొక్కి పట్టినా కన్వర్టర్‌ను తట్టినప్పుడు లోపల గలగలమంటే, అందులోని సిరామిక్ దిమ్మ పగిలి ఉండొచ్చు. అది ఖరీదైన రిపేరు.

మోత పోతుంది కదా అని కొందరు రేకునే పీకేస్తారు. అది తప్పు. సెగ నేరుగా అడుగుభాగానికి, పైపులకు తగులుతుంది. ఎండుగడ్డి మీద ఆపితే నిప్పంటుకునే ముప్పు కూడా ఉంది.

రెండింటిలో వదులైన రేకు ఊడి వేలాడనంత వరకు కొన్ని రోజులు ఆగొచ్చు. తెగిన రబ్బరు ఆగదు. దాని బరువంతా మిగతా రబ్బర్ల మీద, ముందున్న జాయింట్ల మీద పడి గొట్టం పగులుతుంది. అక్కడి నుంచి కార్బన్ మోనాక్సైడ్ కారు కిందికి లీకవుతుంది. గ్యారేజీ దాకా వెళ్లడానికి ఇనుప తీగతో కట్టుకోవచ్చు, ప్లాస్టిక్ టై మాత్రం వేడికి కరిగిపోతుంది. కొత్త రబ్బరు తొడిగేటప్పుడు గ్రీజు బదులు సబ్బునీళ్లు రాయమనండి. గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.