గడువు తీరిన కొటేషన్‌కు కొత్త రేట్లు

కొటేషన్ అడుగున ‘ఈ రేట్లు 30 రోజుల వరకే’ అని రాసి ఉంటే, ఆ తర్వాత వాటికి కట్టుబడాల్సిన పని లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, పెట్టిన గడువులోగా ఒప్పుకోని ప్రతిపాదన రద్దయినట్టే. అయితే పార్టీ మనసులో పాత అంకె అంత తేలిగ్గా చెరిగిపోదు. బడ్జెట్ వేసుకున్నదీ, ఇంట్లోవాళ్లకు చెప్పుకున్నదీ ఆ అంకెతోనే. కాబట్టి రేటు పెంచే హక్కు ఉండటం వేరు, పెరిగిన రేటుకు పని దక్కించుకోవడం వేరు.

ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకు ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది. వైరు ఖరీదులో పెద్ద భాగం రాగిదే. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో రాగి ధర రోజూ మారుతుంది, దానికి డాలరు మారకం తోడవుతుంది. ఒక కల్యాణ మండపం వైరింగ్‌కు ఇచ్చిన కొటేషన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. వైర్లు, కేబుళ్లు 4 లక్షలు, స్విచ్‌లు, డీబీలు 2 లక్షలు, పైపులు లక్ష, కూలి 3 లక్షలు. మొత్తం 10 లక్షలకు 18 శాతం జీఎస్టీ కలిపితే 11,80,000 రూపాయలు. గడువు 30 రోజులు. రెండున్నర నెలలయ్యాక పార్టీ ఫోన్ చేసి ‘పని మొదలుపెట్టండి’ అన్నారు.

ఆ ఫోన్‌లోనే అంకె చెప్పడం పొరపాటు. ‘గడువు దాటింది, ఇవాళ్టి రేట్లు చూసి రేపటికల్లా చెప్తాం’ అంటే చాలు. ముందు డీలర్ దగ్గర తాజా రేటును, అది ఎన్నాళ్లు నిలుస్తుందో కూడా, రాతపూర్వకంగా తీసుకోవాలి. డీలర్ వారం రోజులు నిలుపుతానంటే పార్టీకి ఐదు రోజులే గడువు ఇవ్వాలి. రెండూ ఒకే రోజు ముగిస్తే, ఆఖరి రోజు సాయంత్రం ఖాయమైన ఆర్డరుకు సరుకు పాత రేటుకు దొరక్కపోవచ్చు.

వచ్చిన రేట్లలో వైరు 12 శాతం పెరిగిందనుకుందాం. అంటే 48,000 అదనం. పైపులు 5 శాతం తగ్గాయి, 5,000 ఆదా. మిగతావి మారలేదు. కొత్త మొత్తం 10,43,000, జీఎస్టీతో 12,30,740. పెరిగింది 50,740 రూపాయలు, అంటే నాలుగు శాతం పైచిలుకు. పన్నెండు శాతం పెరుగుదల వైరుకే గాని పనంతటికీ కాదన్నది ఇక్కడ పార్టీకి కనిపించాలి. అందుకే మొత్తం మీద ఒక శాతం వేసి పంపకుండా, ప్రతి వరుసకూ పాత రేటు, కొత్త రేటు పక్కపక్కన చూపాలి. తగ్గిన పైపుల రేటును తప్పకుండా తగ్గించాలి. ఆ ఐదు వేలు మిగుల్చుకోవాలని చూస్తే, బయట వాకబు చేసుకున్న పార్టీకి మిగతా వరుసల మీదా అనుమానం పుడుతుంది. ఇదే అదనుగా కూలి పెంచడం అంతకంటే చేటు.

కాగితానికి పాత నంబరే ఉంచి ‘రివిజన్ 1’ అని చేర్చాలి. కొత్త తేదీ, కొత్త గడువు, ‘ఇంతకుముందు ఇచ్చిన కొటేషన్ ఇక చెల్లదు’ అన్న వాక్యం ఉండాలి. పంపేముందు ఫోన్ చేసి ఏది ఎందుకు పెరిగిందో చెప్పాలి. పెరిగిన మొత్తాన్ని వాట్సాప్‌లో చూసి అవాక్కయిన పార్టీ, తిరిగి ఫోన్ చేయకుండా ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోవచ్చు. ‘ఏ వరుస పెరిగింది?’ అని అడిగితే మంచి సూచన, బేరం ఇంకా బతికే ఉంది.

బడ్జెట్ అంతకు మించదని పార్టీ అంటే మార్గాలు రెండు. వైరు ఖరీదుకు సరిపడా అడ్వాన్స్ ఇస్తే వెంటనే కొనేసి, మళ్లీ పెరిగితే ఆ భారం పార్టీపై పడదని మాటివ్వడం ఒకటి. మీటరు నుంచి మెయిన్ ప్యానెల్ వరకు రాగికి బదులు అల్యూమినియం కేబుల్ వేయడం రెండోది. అల్యూమినియం వాహకత రాగిలో దాదాపు 60 శాతమే కాబట్టి సైజు పెంచాలి, కొసలకు తగిన లగ్గులు వాడాలి. ఈ మార్పు కొటేషన్‌లో స్పష్టంగా రాయాలి. పాత ధరకే ఒప్పుకుని చెప్పకుండా వైరు సైజు తగ్గించడం మాత్రం మోసం. పెళ్లి రోజు లోడు పడ్డప్పుడు వైరు వేడెక్కుతుంది, అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.

ఇంకో జాగ్రత్త. గడువు తీరాక పార్టీ పాత రేటుకే ఆర్డరు రాసి అడ్వాన్స్ పంపితే, చట్టరీత్యా అది పార్టీ చేసిన కొత్త ప్రతిపాదన. అభ్యంతరం చెప్పకుండా ఆ డబ్బు ఉంచుకున్నా, పని మొదలుపెట్టినా, ఎనిమిదో సెక్షన్ కింద పాత రేటుకు ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే అడ్వాన్స్ అందిన రోజే ‘పాత రేటు చెల్లదు, రివిజన్ 1 ప్రకారం ఖాయం చేయండి, లేదంటే డబ్బు తిరిగి పంపుతాం’ అని రాసి పంపాలి. గడువులోగానే పార్టీ ఒప్పుకున్న పనికి మాత్రం రాగి ఎంత పెరిగినా పాత రేటే వర్తిస్తుంది. ధర మార్పు షరతు ముందే రాసుకుని ఉంటే తప్ప.