ఫైలుతో పాటు వెళ్ళే ఉత్తరం

ఎడిటర్ సరిచేసి పంపిన మాన్యువల్‌ను కంపెనీవాళ్ళు తెరిచి చూస్తే పైకి పెద్ద తేడా కనబడదు. బొమ్మలు అవే, పాఠాలు అవే, పేజీలు మాత్రం కాస్త శుభ్రంగా ఉంటాయి. అసలు పని కంటికి కనబడని చోట జరిగి ఉంటుంది. అందుకే ఫైలుతో పాటు ఒక ఉత్తరం కూడా వెళ్ళాలి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, దేన్ని ముట్టుకోకుండా కంపెనీ నిర్ణయానికి వదిలేశారు అన్న మూడు సంగతులూ అందులో ఉండాలి. బయటి నుంచి పనిచేసే ఎడిటర్ రేపు ఆ ఆఫీసులో ఉండరు. అడిగినవాళ్ళకు సమాధానం చెప్పాల్సింది ఆ ఉత్తరమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డ్రిప్ పరికరాలు అమ్మే ఒక కంపెనీ రైతులకిచ్చే 64 పేజీల తెలుగు మాన్యువల్ అది. కొన్నేళ్ళుగా నలుగురైదుగురు టైపు చేస్తూ, అతికిస్తూ పెంచినది. ఒక అధ్యాయంలో ‘డ్రిప్పర్’ అని ఉంటే, మరో అధ్యాయంలో అదే వస్తువు ‘ఎమిటర్’ అయింది. విషయసూచికలో 31వ పేజీ అని ఉన్న ఫిల్టర్ శుభ్రత పాఠం నిజానికి 35వ పేజీలో ఉంది.

విషయసూచిక ఎందుకు తప్పిందో చెబితే స్టైల్స్ అంటే ఏమిటో కూడా తెలిసిపోతుంది. వర్డ్‌లో ఒక వరుసను ముద్దక్షరాలు చేసి సైజు పెంచితే మన కంటికి అది శీర్షికే, కంప్యూటర్‌కు మాత్రం మామూలు పేరానే. కాబట్టి సూచికను ఎవరో చేత్తో టైపు చేశారు. తర్వాత మధ్యలో నాలుగు పేజీలు చేరాయి, సూచిక మాత్రం పాతదే మిగిలింది. ఎడిటర్ అధ్యాయాల పేర్లన్నిటికీ Heading 1, వాటి లోపలి భాగాలకు Heading 2 అనే స్టైల్ పెట్టారు. వాటి నుంచి సూచిక దానంతటదే తయారవుతుంది. రేపు పేజీలు పెరిగినా Ctrl+A, ఆ తర్వాత F9 నొక్కితే పేజీ నంబర్లు సరిపోతాయి. ఈ రెండు మీటల సంగతి ఉత్తరంలో లేకపోతే కంపెనీలో ఎవరో ఒకరు మళ్ళీ సూచికను చేత్తో దిద్దుతారు, ఈసారి F9 నొక్కినప్పుడు ఆ దిద్దుబాటంతా పోతుంది.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. వరుసల మధ్య ఎడం Exactly అని బిగించి పెడితే పై గుడులు, కింది వత్తులు తెగుతాయి, లేదా పక్క వరుస మీద పడతాయి. ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటల దగ్గర చూస్తే ఈ లోపం వెంటనే తెలుస్తుంది. ఎడిటర్ దాన్ని At least కు మార్చారు, దాంతో పుస్తకం రెండు పేజీలు పెరిగింది. ముద్రణ ఖర్చు మీద పడే మార్పు కాబట్టి దీన్ని ఉత్తరంలో మొదటనే చెప్పాలి. ఇక రెండోది ఫాంటు. వర్డ్ స్టైల్‌లో ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు, సైజు ఉంటాయి. తెలుగు లాంటి లిపులకు Complex scripts అనే చోట విడిగా పెట్టాలి. ఈ సంగతి తెలియనివాళ్ళు సైజు మారుస్తారు, అంకెలు, ఇంగ్లీషు మాటలు మారతాయి, తెలుగు అలాగే ఉండిపోతుంది. ఫైలు పాడైందనుకుని ఎడిటర్‌కు ఫోన్ చేస్తారు.

ఇవన్నీ ఫైలు లోపలి మార్పులు. ఉత్తరంతో జతచేసే స్టైల్ షీట్ వేరే పత్రం. ఏ మాట ఎలా రాయాలో, అంకెలు, కొలతలు ఎలా వేయాలో తీసుకున్న నిర్ణయాలన్నీ అందులో అక్షరక్రమంలో ఉంటాయి. ‘డ్రిప్పర్’ అనే రాయాలి, ‘ఎమిటర్’ వద్దు. కారణం, పొలంలో రైతులు, దుకాణంలో అమ్మేవాళ్ళు అనేది ఆ మాటే. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, అంటే U+200C, ఉంటుంది. ఒకచోట అది ఉండి మరోచోట లేకపోతే వెతుకులాటలో కొన్ని మాటలు దొరక్కుండా తప్పించుకుంటాయి. ఒకేసారి అన్నీ మార్చామనుకుంటాం, సగం పాతవే మిగులుతాయి. అది ఎక్కడ ఉంచాలో ఒక్క వాక్యంలో రాసిపెడితే తర్వాత వచ్చే ప్రూఫ్ రీడర్‌కు ఎంతో శ్రమ తగ్గుతుంది.

ఇంతవరకు చెప్పినవి ఎడిటర్ సొంతంగా తీసుకోగల నిర్ణయాలు. కొన్ని విషయాల్లో ఆ హక్కు లేదు. నా దృష్టిలో ఉత్తరంలోని అతి ముఖ్యమైన భాగం అక్కడే మొదలవుతుంది. ఈ మాన్యువల్‌లో పైపులో ఉండాల్సిన నీటి పీడనం 23వ పేజీలో 1.5 కేజీ అని, 41లో 1.5 బార్ అని ఉంది. 52లో కొలత పేరు లేకుండా ఉత్త 15 అని మాత్రమే ఉంది. మొదటి రెండింటికీ తేడా స్వల్పం. మూడోదానితోనే అసలు సమస్య. అది 1.5లో చుక్క పోయి 15 అయిందా, లేక 15 పీఎస్ఐ అనా? 15 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.05 కేజీలు. మొదటిది నిజమైతే పీడనం దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఊహించి ఏదో ఒకటి వేస్తే పుస్తకం చూడ్డానికి పొందికగానే ఉంటుంది, రైతు గేజి మాత్రం తప్పు చోట నిలుస్తుంది. అందుకే ఉత్తరంలో ఇలా రాయాలి:

“అయ్యా, 23, 41, 52 పేజీల్లో పీడనం కొలత మూడు రకాలుగా ఉంది. అంకెలు ఏవీ నేను మార్చలేదు. మూడు చోట్లా పసుపు రంగు పెట్టాను. మీ ఇంజనీరు గారు సరైన అంకె, కొలత రాసి పంపితే రంగు తీసి ఒకే పద్ధతిలోకి తెస్తాను. ఆ జవాబు వచ్చేదాకా దయచేసి ప్రెస్సుకు పంపవద్దు.”

హెచ్చరికల సంగతి కూడా ఇలాంటిదే. పైపుల్లో పేరుకున్న సున్నపు గారను కరిగించడానికి యాసిడ్ వాడే పాఠంలో, నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదన్న మాట పాఠం చివరన ఉంది. చదువుతూ చేసుకుపోయే మనిషి చివరికి వచ్చేసరికి పోయడం అయిపోయి ఉంటుంది. ఎడిటర్ దాన్ని మొదటి మెట్టుకు ముందు, గీత గీసిన గడిలో పెట్టారు. ఒక్క మాట కూడా మారలేదు, చోటు మాత్రమే మారింది. అయినా ఈ మార్పు విషయానికి తగిలేది కాబట్టి ఉత్తరంలో విడిగా చెప్పి కంపెనీ ఒప్పుదల అడగాలి. Track Changes ఆన్ చేసి చేసిన ఒక ఫైలు, అన్నీ ఒప్పుకుని శుభ్రం చేసిన మరో ఫైలు రెండూ పంపితే వాళ్ళు పోల్చి చూసుకోగలరు.

మాన్యువల్ తర్వాత చేరేది డీటీపీ ఆపరేటర్ దగ్గరికి. ఆయన ఇన్‌డిజైన్‌లోకి ఫైలు తెచ్చుకున్నప్పుడు వర్డ్ స్టైల్స్ పేర్లతో సహా వస్తాయి, ఆయన పెట్టుకున్న స్టైల్స్‌కు జతచేసుకోవచ్చు. తెలుగు వత్తులు సరిగ్గా కూర్చోవాలంటే అక్కడ World-Ready Paragraph Composer ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే అక్షరాలు విడివిడిగా చెదిరిపోతాయి. ఆపరేటర్ కోసం ఈ రెండు సంగతులూ ఉత్తరం అడుగున రాస్తే చాలు.

మొత్తం ఒక పేజీకి మించకూడదు. చేసిన పనంతా ఏకరువు పెట్టుకుంటూ పోతే పీడనం గురించి అడిగిన ప్రశ్న మూడో పేజీలో కూరుకుపోతుంది, ఎవరూ చూడరు. జవాబు కావాల్సినవి ముందు, తెలిసి ఉండాల్సినవి తర్వాత, వివరాలన్నీ స్టైల్ షీట్‌లో ఉండాలి.

మాన్యువళ్ళు వేయించే కంపెనీలవారికి, శాఖలవారికి ఒక మనవి. ఎడిటర్ నుంచి ఫైలు రాగానే ముందు ఉత్తరం చదవండి. అందులోని ప్రశ్నలకు ఫోన్లో కాకుండా రాతలో జవాబివ్వండి. స్టైల్ షీట్‌ను మాన్యువల్‌తో పాటు అదే ఫోల్డర్‌లో దాచండి. రెండో ముద్రణకు వచ్చే ఎడిటర్ మొదట అడిగేది దాన్నే.