ప్రెషర్ పెంచినా వించ్ ఎందుకు వేగం అందుకోదు?

వేటబోటు మీద వల లాగే హైడ్రాలిక్ వించ్ నెమ్మదించిందంటే చాలామంది చెయ్యి ముందు రిలీఫ్ వాల్వ్ స్క్రూ మీదికే పోతుంది. ఆ వాల్వ్ అప్పటికే తెరుచుకుని ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేస్తుంటే తప్ప, దాన్ని బిగించినందువల్ల వేగం పెరగదు. లాగే బలం ప్రెషర్‌ని బట్టి ఉంటుంది. తిరిగే వేగం, నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ మోటారులోకి వెళ్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెంటికీ మధ్య నిలిచేది మోటారు సైజు, అంటే ఒక్క చుట్టు తిరగడానికి అది మింగే ఆయిల్.

ఒక లెక్క వేసి చూద్దాం. వల బరువు తాడును టన్ను బలంతో, అంటే దాదాపు 10,000 న్యూటన్లతో లాగుతోంది. డ్రమ్ము మధ్య నుంచి తాడు దాకా 15 సెంటీమీటర్లు. డ్రమ్ము తిరగాలంటే 1,500 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. డ్రమ్ముకు నేరుగా బిగించిన మోటారు చుట్టుకు 800 సీసీలది. లోపలికి వచ్చే ప్రెషర్‌కీ బయటికి పోయే ప్రెషర్‌కీ తేడా 140 బార్. సీసీలను బార్‌తో గుణించి 63తో భాగిస్తే టార్క్ వస్తుంది: సుమారు 1,780. రాపిడికి పన్నెండు శాతం పోయినా 1,570 మిగులుతుంది. కాగితం మీద సరిపోయింది.

బోటు మీద మాత్రం సరిపోదు. బరువు వేలాడుతుండగా ఆగిన మోటారు మళ్లీ కదలాలంటే రాపిడి ఇంకా ఎక్కువ. కదిలే క్షణంలో లెక్కకు వచ్చిన టార్క్‌లో ముప్పాతిక వంతే చేతికొస్తుందనుకుంటే 1,335 మాత్రమే. వించ్ మూలుగుతుంది, తిరగదు. మోటారు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఈ అంకెనే అని నా గట్టి అభిప్రాయం.

మరి 1,000 సీసీల మోటారు పెడితే? కదిలేటప్పుడు కూడా 1,660 పైచిలుకు దొరుకుతుంది. కానీ పంపు నిమిషానికి 40 లీటర్లే ఇస్తోంది. పాత మోటారు దాంతో 50 చుట్లు తిరిగేది, కొత్తది 40 తిరుగుతుంది. లీకు లెక్కేయకముందే తాడు నిమిషానికి 47 మీటర్ల నుంచి 38కి పడిపోతుంది. వేగమూ తగ్గకూడదంటే పెద్ద పంపు కావాలి, దాన్ని తిప్పే ఇంజనుకూ అంత సత్తా ఉండాలి.

పొద్దున బాగా తిరిగి, ఆయిల్ వేడెక్కాక బరువు మీద నెమ్మదించే వించ్ కథ వేరు. వేడికి పల్చబడ్డ ఆయిల్ అరిగిన భాగాల సందుల్లోంచి జారిపోతోందన్నమాట. మోటారుకు డ్రెయిన్ పైపు ఉంటే, దాని కొసను ట్యాంకు దగ్గర విప్పి, బరువు లాగుతుండగా నిమిషంలో ఎంత ఆయిల్ వస్తుందో డబ్బాలో పట్టి కొలవాలి. ఆ పైపును ఒక్క క్షణం కూడా మూయకూడదు, షాఫ్ట్ సీలు తన్నుకుపోతుంది. నలభై లీటర్లలో ఎనిమిదో పదో అటు పోతుంటే మోటారు అరిగినట్టే. కారేది కొద్దిగానే ఉంటే మోటారు జోలికి పోకుండా పంపును పరీక్షించాలి.