ఒక స్టెప్పులో నీరు ఎన్ని గడులు దాటాలి?

కాలువలో ఒకచోట రంగు కలిపితే అది నీటితోపాటు దిగువకు సాగిపోతుంది. రంగు చుట్టూ పలచబడి వ్యాపించడాన్ని పక్కన పెట్టి, ఈ కొట్టుకుపోవడాన్ని మాత్రమే చెప్పేది అడ్వెక్షన్ సమీకరణం. నీటి వేగం c అయితే, t సెకన్ల తర్వాత ఒకచోట కనిపించే రంగు మొదట అక్కడికి ct మీటర్ల ఎగువన ఉన్న రంగే. కాగితం మీద సమస్య ఇంతటితో తేలిపోతుంది. చిక్కంతా కంప్యూటర్‌తో లెక్క కట్టించేటప్పుడు వస్తుంది.

కంప్యూటర్ కోసం కాలువను Δx పొడవున్న గడులుగా, కాలాన్ని Δt నిడివి గల స్టెప్పులుగా విడగొడతారు. అన్నిటికంటే సులువైన ‘అప్‌విండ్’ పద్ధతిలో ప్రతి గడి తన పాత విలువనూ, తనకు ఎగువనున్న ఒక్క గడి విలువనూ చూసి కొత్త విలువ తెచ్చుకుంటుంది.

```
u_new[i] = u[i] - C*(u[i] - u[i-1])
C = c*Δt/Δx
```

ఇందులోని C పేరు కూరంట్ సంఖ్య. ఒక స్టెప్పులో నీరు ఎన్ని గడులు దాటుతుందో అది చెబుతుంది. ఈ పద్ధతికి C ఒకటి మించకూడదు. 1928లో రిచర్డ్ కూరంట్, కర్ట్ ఫ్రీడ్రిక్స్, హాన్స్ లెవీ కలిసి రాసిన వ్యాసంలో ఈ నియమం వచ్చింది. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే సీఎఫ్ఎల్. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు లేవు. గడుల లెక్కను ఆసరా చేసుకుని సమీకరణాలకు పరిష్కారం ఉందని నిరూపించడమే వారి ఉద్దేశం.

నియమం వెనకున్న కారణం సూటిగా ఉంటుంది. నీటి వేగం సెకనుకు 1 మీటరు, గడి 10 మీటర్లు, స్టెప్పు 20 సెకన్లు అనుకుంటే C = 2. ఒక స్టెప్పులో నీరు రెండు గడులు దాటుతుంది. అంటే ఒక గడికి రావలసిన రంగు రెండు గడుల ఎగువ నుంచి రావాలి. సూత్రం మాత్రం ఒక్క గడి ఎగువకే చూస్తుంది. జవాబు ఉన్నచోటికి దాని చూపే చేరదు. అలాంటప్పుడు సరైన జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?

ఏం జరుగుతుందో చేత్తోనే కట్టి చూడవచ్చు. ఒకే గడిలో రంగు 1, మిగతా అన్నిటా సున్నా. C = 2 అయినప్పుడు సూత్రం ‘ఎగువ గడికి రెట్టింపులోంచి తన విలువ తీసెయ్యి’ అని మారుతుంది. మొదటి స్టెప్పు తర్వాత వరుసగా -1, 2. రెండో స్టెప్పుకు 1, -4, 4. మూడో స్టెప్పుకు -1, 6, -12, 8. రంగు రుణ సంఖ్య కావడం అర్థంలేని మాట. పైగా గుర్తులు వదిలేసి కూడితే మొత్తం ప్రతి స్టెప్పుకూ మూడింతలై, పదో స్టెప్పుకు 59,049 అవుతుంది. గుర్తులతో కూడితే మాత్రం ఎప్పుడూ 1 వస్తుంది. కాబట్టి మొత్తం రంగు నిలిచిందో లేదో చూసి లెక్క బాగుందని తృప్తిపడితే మోసపోయినట్టే. పక్కపక్క గడుల్లో గుర్తులు మారుతూ రంపపు పళ్లలా పెరిగే గీతే అసలు ఆనవాలు.

C ఒకటిని కొద్దిగానే మించితే ప్రమాదం కొంతసేపు దాక్కుంటుంది. C = 1.1 అయితే ఆ రంపపు పళ్లు స్టెప్పుకు 1.2 రెట్లే పెరుగుతాయి. మొదటి గీత నునుపుగా ఉంటే, దశాంశాల కుదింపులో వచ్చే 16వ స్థానపు పొరపాటు 1 అంత పెద్దదవడానికి సుమారు 200 స్టెప్పులు పడుతుంది. వంద స్టెప్పులు నడిపి చూసినవారికి ప్రోగ్రాం చక్కగా ఉన్నట్టే అనిపిస్తుంది.

కొత్తవారు తరచు తడబడేది మరోచోట. స్టెప్పు 5 సెకన్లు, గడి 10 మీటర్లు ఉంటే C = 0.5, లెక్క క్షేమం. మరింత కచ్చితత్వం కోసం గడిని 2.5 మీటర్లకు తగ్గించి, స్టెప్పును అలాగే వదిలేస్తే C = 2 అయి లెక్క పేలిపోతుంది. గడి చిన్నదయితే స్టెప్పూ అదే పాళ్లలో చిన్నది కావాలి.

అలాగని స్టెప్పును మరీ కుదించినా ఒక నష్టం ఉంది. C సరిగ్గా 1 అయితే రంగు చెక్కుచెదరకుండా ఒక గడి జరుగుతుంది. C = 0.5 అయితే అది 0.5, 0.5గా, తర్వాత 0.25, 0.5, 0.25గా అలుక్కుపోతుంది. ఒకే దూరానికి C తగ్గేకొద్దీ ఈ అలుకు ఎక్కువ. ఇది సూత్రం తెచ్చిపెట్టినదే తప్ప కాలువలో జరిగేది కాదు.

నియమం పాటించినంత మాత్రాన అన్ని పద్ధతులూ గట్టెక్కవు. ఎగువ గడి, దిగువ గడి రెండింటి తేడా తీసుకుని ఇలాగే ముందుకు నడిపే సూత్రం C ఎంత చిన్నదైనా చివరకు పేలుతుంది. సీఎఫ్ఎల్ తప్పనిసరి షరతే, కానీ అదొక్కటే చాలదు.

వేగం చోటుచోటుకూ మారే కాలువలో సగటు వేగాన్ని నమ్ముకోకూడదు. ఇరుకైనచోట నీరు సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతుంటే, మిగతా అంతటా 1 మీటరే అయినా, 10 మీటర్ల గడికి స్టెప్పు 3.3 సెకన్లు దాటకూడదు. దాటితే రంపపు పళ్లు ముందు ఆ ఇరుకులోనే మొలుస్తాయి.