మీకు తెలుసా? సంఖ్య రాదు, భక్తులు వస్తారు

■ ఇంగ్లిష్‌లో ‘ఎ నంబర్ ఆఫ్’ తర్వాత క్రియ బహువచనంలోనూ, ‘ది నంబర్ ఆఫ్’ తర్వాత ఏకవచనంలోనూ ఉంటుంది. పోటీ పరీక్షల్లో తప్పు పట్టమని తరచుగా ఇచ్చే జంట ఇది. బట్టీ పట్టక్కర్లేదు, తెలుగులో ఈ తేడాను మనం రోజూ పాటిస్తూనే ఉన్నాం. ‘మేడారానికి చాలామంది భక్తులు వచ్చారు’ అంటాం. ‘భక్తుల సంఖ్య పెరిగింది’ అంటాం. ‘సంఖ్య పెరిగారు’ అని ఎవరూ అనరు. ఇంగ్లిష్‌లోనూ ఇంతే: ‘ఎ నంబర్ ఆఫ్ డివోటీస్ హావ్ కమ్’, ‘ది నంబర్ ఆఫ్ డివోటీస్ హాజ్ ఇన్‌క్రీజ్డ్’. మొదటి వాక్యం మనుషుల గురించి, రెండోది అంకె గురించి.

■ ఒక్కోసారి క్రియ సరిగ్గా ఉన్నా వాక్యం తప్పే. ‘ది నంబర్ ఆఫ్ డివోటీస్ హాజ్ కమ్’ చూడండి. ఏకవచనం బాగానే ఉంది కానీ, వచ్చింది భక్తులు, సంఖ్య కాదు. అంకె పెరుగుతుంది, తగ్గుతుంది, ఇంత అని తేలుతుంది, అంతేగానీ బస్సెక్కి జాతరకు రాదు. ఇలాంటిచోట ముందున్న ‘ది’ని ‘ఎ’గా మార్చాలి, అప్పుడు ‘హాజ్’ కూడా ‘హావ్’ అవుతుంది. వరంగల్ కోటలో నాలుగు కీర్తి తోరణాలున్నాయి కాబట్టి ‘ది నంబర్ ఆఫ్ తోరణాస్ ఇజ్ ఫోర్’ అనవచ్చు. అక్కడ ‘ఎ నంబర్ ఆఫ్’ పెడితే అర్థమే ఉండదు.

■ క్రియ వచనంలో తప్పు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ చేస్తారు. క్యాథరిన్ బాక్, కెరల్ మిల్లర్ 1991లో ప్రచురించిన పరిశోధనలో, వాక్యం మొదటి భాగం ఇచ్చి మిగతాది పూర్తి చేయమన్నారు. ఏకవచన కర్తకూ క్రియకూ మధ్య బహువచన నామం దూరినప్పుడు పొరపాట్లు పెరిగాయి. ‘ది నంబర్ ఆఫ్ పిల్లర్స్’లో జరిగేదీ ఇదే: పక్కనే ఉన్న ‘పిల్లర్స్’ నోటిని ‘ఆర్’ వైపు లాగుతుంది.

■ ఒకే వాక్యంలో రెండు క్రియలుంటే మరీ చిక్కు. రుద్రదేవుడు 1163లో కట్టించిన హనుమకొండ వేయి స్తంభాల గుడి గురించి ఇలా రాశామనుకోండి: ‘ది నంబర్ ఆఫ్ విజిటర్స్ హూ కమ్ ఆన్ సండేస్ ఇజ్ లార్జ్’. వచ్చేది సందర్శకులు కాబట్టి ‘కమ్’ బహువచనం. ఎక్కువగా ఉన్నది సంఖ్య కాబట్టి ‘ఇజ్’ ఏకవచనం. ‘హూ’ నుంచి ‘సండేస్’ దాకా వేలితో మూసి చదివితే ‘ఇజ్’ ఎవరిదో తెలిసిపోతుంది.

■ ‘ఎ’ తర్వాత ‘స్మాల్’ చేరినా బహువచనం పోదు: ‘ఎ స్మాల్ నంబర్ ఆఫ్ షాప్స్ ఆర్ ఓపెన్’. అయితే ఈ మాట లెక్కపెట్టగలిగే వాటికే. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన మిర్చి బస్తాలకు ‘ఎ నంబర్ ఆఫ్ బ్యాగ్స్’ అనొచ్చు. పత్తికి మాత్రం ‘ఎ లార్జ్ అమౌంట్ ఆఫ్ కాటన్’ అనాలి, దాని క్రియ ‘ఇజ్’.