రెండుకు బల్ల, మూడుకు పైకప్పు

పక్షవాతం వచ్చినవారి ఫైలులో ‘కండబలం 2/5’ అని చూడగానే ఇంట్లోవాళ్లు దాన్ని పరీక్ష మార్కుల్లా చదివి దిగులుపడతారు. ఈ 2 నలభై శాతం కాదు. చేయి బరువును కింద ఏదో ఒకటి మోస్తే కండ కీలును పూర్తిగా కదిలించగలదు, తానే ఎత్తుకోవాలంటే కదిలించలేదు అని దాని అర్థం. 0 అంటే కండలో చలనమే లేదు. 1 అంటే వేలు పెట్టి చూస్తే కండ బిగిసినట్టు తెలుస్తుంది కానీ కీలు కదలదు. 3 వస్తే చేయి తన బరువు తాను ఎత్తుకుంటుంది. 4లో కొంత అడ్డును కూడా తట్టుకుంటుంది, 5 మామూలు బలం.

58 ఏళ్ల ఒకాయనకు కుడిచేయి పడిపోయిందనుకుందాం. మోచేతిని చాచే కండ, అంటే ట్రైసెప్స్, గ్రేడ్ 2లో ఉంది. ఆయన్ని కూర్చోబెట్టి, భుజమంత ఎత్తు బల్లమీద చేయి ఆనించి, పౌడరు చల్లి, ముంజేతిని ముందుకు జార్చమంటాం. ఎనిమిది పదిసార్లు చేశాక విశ్రాంతి. అది సాఫీగా సాగితే వెల్లకిలా పడుకోబెట్టి, భుజం నుంచి మోచేతి దాకా చేతిని నిలువుగా పట్టుకుని, వంగిన ముంజేతిని పైకప్పు వైపు చాచమంటాం. ఇది గ్రేడ్ 3 పని. చేయి ముఖంమీద పడకుండా పక్కన మనిషి ఉండాలి, ముక్కుకు వేరే వైద్యం ఎందుకు? ఇదీ తేలికైతేనే అరకిలో బరువు.

బరువు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? చేయి చాచమంటే భుజం చెవి వైపు లేస్తుంది, మోచేయి చాచుకోకుండా ముడుచుకుంటుంది. అప్పుడు మళ్లీ బల్ల దగ్గరికే.

పక్షవాతంలో ఈ అంకె మోసం చేసే దశ ఒకటుంది. మొదట మెత్తగా వేలాడిన చేయి కొన్ని వారాల్లో బిగుసుకోవచ్చు. అప్పుడు మోచేయి ముడిచే కండ 4లా అనిపిస్తుంది. కానీ భుజం, మోచేయి, వేళ్లు ఒక్క గుంపుగా ముడుచుకుంటున్నాయంటే అది విడిగా వచ్చిన బలం కాదు. అక్కడ డంబెల్ పెడితే ఆ ముడుచుకునే అలవాటే గట్టిపడవచ్చు. చూడడానికొచ్చిన ప్రతి బంధువూ తెచ్చే రబ్బరు బంతి కథా అంతే. వేళ్లు ముడవడం ఆ చేతికి ఇప్పటికే వచ్చు, రానిది తెరవడం. గ్లాసు చుట్టూ వేళ్లు తెరిచి, పట్టుకుని, వదలడం సాధన చేయించండి.

చేయి ఇంకా వేలాడుతున్న దశలో మాత్రం వ్యాయామం కన్నా భుజాన్ని కాపాడుకోవడం ముందు. పట్టు లేని కండలు ఆ కీలును నిలబెట్టలేవు. కూర్చున్నప్పుడు చేయి కింద దిండు పెట్టండి, లేపేటప్పుడు ఆ చేయి పట్టుకుని లాగకండి, తలపైన కప్పీకి తాడు కట్టి లాగించకండి.

ఈసారి ఫిజియోథెరపిస్టు అంకె చెబితే, ఏ కండకో, ఏ భంగిమలో చూశారో కూడా అడిగి రాసుకోండి.